"నీడ్స్ సపోర్ట్" అంటే ఫీజు సాయం కాదు



దాతలైన మీకు ముందుగా మేము చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి. మీరిచ్చే డబ్బుతో ఏటా మాకవరపాలెం, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఫీజులు, నోటు పుస్తకాలు ఇస్తున్నాం. దరఖాస్తుతో పాటు పిల్లవాడి ప్రోగ్రెస్ రిపోర్టు జిరాక్సు జతచేయాలన్నది మొదటి నుంచీ ఉన్న నిబంధనే. అయితే ఆ కాగితం మీద మేము చూసేది మార్కుల వరుస, చివరి గ్రేడు మాత్రమే. కింద టీచరు చేత్తో రాసిన రెండు ముక్కల ఇంగ్లీషును ఎవరూ చదివేవాళ్లం కాదు. చదివినా తప్పుగానే అర్థం చేసుకున్నామని తర్వాత తేలింది.

ఒకసారి నాలుగో తరగతి పాప దరఖాస్తు వచ్చింది. లెక్కలు, ఇంగ్లీషు రెండింటి ఎదురుగా "నీడ్స్ సపోర్ట్" అని ఉంది. మాలో ఒకరు దాన్ని "సాయం అవసరం" అని తెలుగులో చదివారు. ఇంకొకరు, "చూశారా, బీద పిల్ల అని బడివాళ్లే రాసిచ్చారు, ముందు వరుసలో పెట్టండి" అన్నారు. మూడో ఆయనకు మరోలా తోచింది. "చదువులో వెనకబడ్డ పిల్లకు ఫీజు కడితే దాతల డబ్బు వృథా కదా, బాగా చదివేవాళ్లకు ఇద్దాం" అన్నారు. ఒకే మాట మీద గంటసేపు వాదించుకున్నాం. టీచరు ఏ ఉద్దేశంతో రాశారో ఆమెనే అడగాలన్న ఆలోచన ఆ గంటలో మాలో ఎవరికీ రాలేదు. చివరికి పాప పేరు వెయిటింగ్ లిస్టులోకి వెళ్లింది. ఫీజు మూడు నెలలు ఆలస్యంగా కట్టాం.

ఆ తల్లి కూడా మా మొదటి మనిషిలాగే అనుకుంది. "స్కూల్లో మేడమ్ రాసిచ్చారు భాయ్, మాకు సాయం చేయమని" అంటూ కాగితం చూపించింది. ఆవిడ తప్పేమీ లేదు. మన ఇళ్లలో సపోర్ట్ అనే మాట ఎప్పుడు వాడతాం? ఉద్యోగానికి ఎవరో పెద్దమనిషి సపోర్ట్ చేశాడంటాం. కూతురి పెళ్లికి తమ్ముడు సపోర్ట్‌గా నిలబడ్డాడంటాం. అంటే డబ్బు, లేదంటే సిఫారసు. ఇంకో ఇంట్లో డిగ్రీ చదువుతున్న అన్నయ్య తమ్ముడి రిపోర్టును "మద్దతు అవసరం" అని చదివి వినిపించాడు. వాళ్ల నాన్న, "మద్దతు ఎందుకురా, వీడేమైనా సర్పంచికి నిలబడ్డాడా?" అన్నాడట. నవ్వుకున్నాం గానీ, ఆ తండ్రికి ఆ రిపోర్టు నుంచి అందిన సమాచారం అంతే.

తర్వాత మాలో రిటైరైన ఒక మాస్టారు ఈ పని భుజాన వేసుకున్నారు. దరఖాస్తుతో వచ్చే ప్రతి రిపోర్టునూ సగం పేజీ తెలుగులో రాసి తల్లిదండ్రుల చేతికిస్తాం. తెలుగు చదవలేని తల్లులకు ఇంటి మాటలో, అంటే దక్కనీలో చదివి వినిపిస్తాం. మాట అర్థం కాని చోట టీచరునే అడుగుతాం. ఆ పనిలో మాకు తెలిసివచ్చింది ఇక్కడ రాస్తున్నాం. మీ డబ్బు ఎక్కడికి వెళ్లాలన్నది చాలాసార్లు ఆ రెండు ముక్కల మీదే ఆధారపడి ఉంటుంది.

టీచరు "నీడ్స్ సపోర్ట్" అని రాస్తే అర్థం ఇది: ఈ పనిని పిల్లవాడు ఎవరైనా పక్కనుంటే చేయగలుగుతున్నాడు, ఒక్కడే చేయలేకపోతున్నాడు. అందులో రెండు సంగతులున్నాయి. మనం వినేది రెండోది ఒక్కటే. పిల్లవాడు ఆ పనికి దగ్గరలోనే ఉన్నాడన్నది మొదటి సంగతి. అసలు దగ్గరకే రానివాడి గురించి రాయవలసి వస్తే చాలామంది టీచర్లు ఇంకో మాట వెతుక్కుంటారు, లేదంటే తల్లిదండ్రులను పిలిపిస్తారు. కాబట్టి "సాయం అవసరం" అని అనువదిస్తే చాలదు. మేము ఇప్పుడు "పక్కన మనిషి ఉంటే చేస్తుంది, ఒంటరిగా ఇంకా చేయలేదు" అని రాస్తున్నాం. పొడుగైనా తల్లికి వెంటనే అర్థమవుతుంది. ఆ వెంటనే "ఏ పని? ఎలాంటి సాయం?" అని అడుగుతుంది. రాయవలసింది ఆ ప్రశ్న పుట్టేలాగే.

దీన్ని మనవాళ్లకు వివరించడానికి మేము వెతుక్కున్న దారి మదరసాలోనే దొరికింది. సాయంత్రం మక్తబ్‌కు వెళ్లిన పిల్లవాడితో ఉస్తాద్ "నీ సబఖ్ కచ్చాగా ఉంది" అంటే ఏ తల్లీ బాధపడదు. కొడుకు పనికిరానివాడని అనుకోదు. ఈ పాఠం ఇంకా పండలేదు, రేపు మళ్లీ చెప్పించుకోవాలి, అంతే. పైగా ఉస్తాద్ ఏ ఆయత్‌లో, ఏ అక్షరం దగ్గర తడబడ్డాడో వేలుపెట్టి చూపిస్తారు. ఇంటి దగ్గర అమ్మ ఆ ఒక్క చోటే నాలుగుసార్లు చదివిస్తుంది. "నీడ్స్ సపోర్ట్" అన్నది బడి భాషలో "సబఖ్ కచ్చా" అన్నమాటే. తేడా ఒక్కటే. బడి కాగితంలో ఆ వేలు కనబడదు. ఎక్కడ కచ్చాగా ఉందో మనమే వెళ్లి అడగాలి.

ఆ నాలుగో తరగతి పాప దగ్గరకే మళ్లీ వద్దాం. ఆమె రిపోర్టు అడుగున టీచరు రాసిన మూడు వాక్యాల ఇంగ్లీషును ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "మాట్లాడని పిల్ల. అర్థం చేసుకుంటూ చదవడంలో సాయం అవసరం. ఇంటి దగ్గర క్రమంగా సాధన చేస్తే ఇంకా బాగా చేయగలదు." సాంఘిక, విజ్ఞాన విషయాలకు "సాటిస్‌ఫ్యాక్టరీ" అని ఉంది.

మాస్టారు పాపను కూర్చోబెట్టి ముందు ఇంగ్లీషు పాఠం చదవమన్నారు. గబగబా చదివేసింది. తల్లి ముఖం వెలిగింది. "చదువుతోంది కదా మాస్టారూ, మరి అలా ఎందుకు రాశారు?" అంది. మాస్టారు అదే పేరాలో ఎవరు ఎక్కడికి వెళ్లారని అడిగారు. పాప తల వంచుకుంది. అప్పుడు మాస్టారు తల్లితో, "అమ్మా, పాప ఖుర్ఆన్ నాజిరా చదువుతుంది కదా. అక్షరాలు, జేర్, జబర్ అన్నీ సరిగ్గా పలుకుతుంది. మానీ అడిగితే చెప్పగలదా? ఇంగ్లీషు కూడా ఇప్పుడు నాజిరా చదువుతోంది. మానీతో చదవడం ఇంకా రాలేదంటున్నారు మేడమ్" అన్నారు. ఆవిడకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. "రీడింగ్ విత్ కాంప్రహెన్షన్" అనే మాటకు ఇంతకంటే మంచి అనువాదం మాకు ఇప్పటికీ దొరకలేదు.

తర్వాత అదే విషయాన్ని తెలుగులో రాసి ఇచ్చారు. పాప నిదానంగా చదివింది, ఒత్తుల దగ్గర ఆగింది, కానీ అడిగినవాటికి జవాబు చెప్పింది. దీన్నిబట్టి ఒక విషయం తేలింది. కథ అర్థం చేసుకునే బుద్ధి పాపకు ఉంది. అడ్డం వస్తున్నది ఇంగ్లీషు మాటలు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయిన పిల్లకు ఇది వింత కాదు. ఇలా చూడటం మేము కనిపెట్టిందేమీ కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో ఇళ్లకు వెళ్లి పిల్లలను పరీక్షించేది ఈ తీరులోనే. అందులో మెట్లు అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగిపోయాడో అదే పిల్లవాడి మెట్టు. పది నిమిషాలు పట్టదు.

లెక్కల దగ్గర అసలు సంగతి బయటపడింది. మాస్టారు కాగితం మీద 43 లోంచి 17 తీసెయ్యమన్నారు. పాప 34 అని రాసింది. నోటితో, "నలభై మూడు రూపాయల్లో పదిహేడు ఖర్చయితే ఎంత మిగులుతుంది?" అని అడిగితే వేళ్లు కదిపి "ఇరవై ఆరు" అంది. వాళ్లకు చిన్న కిరాణా కొట్టు ఉంది, సాయంత్రాలు చిల్లర ఇచ్చేది ఈ పాపే. కాగితం మీద తప్పు ఎలా వచ్చిందో చూడండి. ఒకట్ల స్థానంలో 3 లోంచి 7 పోదు. పక్కనుంచి పది అప్పు తెచ్చుకోవాలి. పాప అప్పు తెచ్చుకోలేదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి 4 వేసింది. పదుల్లో 4 లోంచి 1 పోతే 3. మొత్తం 34. మళ్లీ 52 లోంచి 28 అడిగితే 36 అని రాసింది. రావలసింది 24. రెండుసార్లూ తప్పు ఒకే చోట, ఒకే తీరులో. నిర్లక్ష్యంగా చేసే పిల్ల తప్పులు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటాయి. ఒకే తప్పు పదే పదే వస్తే అక్కడ ఒక మెట్టు తప్పిపోయిందని అర్థం. ఆ మెట్టు వేస్తే మిగతాది దానంతట అదే కదులుతుంది.

మాస్టారు తల్లిని వెంటబెట్టుకుని బడికి వెళ్లి టీచరును కలిశారు. ఆమె విసుక్కుంటారేమోనని భయపడ్డాం. ఆమె సంతోషించారు. లెక్కల్లో "నీడ్స్ సపోర్ట్" ఎందుకు రాశారంటే, ఇంగ్లీషులో ఇచ్చిన మాటల లెక్కను పాప చదివి ఏమీ మొదలుపెట్టలేదట. అదే లెక్కను టీచరు పక్కన నిలబడి తెలుగులో చదివి చెబితే కూడాలో తీసెయ్యాలో సరిగ్గా చెప్పేస్తుందట. "నేను పక్కనుంటే చేస్తుంది సార్, కానీ పరీక్షలో నేను పక్కనుండను కదా" అన్నారామె. ఆ మాటకు అంతకంటే కచ్చితమైన నిర్వచనం ఇంకెక్కడా దొరకదు. అప్పు తెచ్చుకునే మెట్టు సంగతి మాత్రం ఆమె దృష్టికి రాలేదు. నలభై మంది పిల్లల నోటు పుస్తకాలు దిద్దే మనిషికి అది కనపడకపోవడాన్ని మేము తప్పుపట్టం.

అప్పుడు పాపకు ఏం కావాలి? ఫీజు కావాలి, అది కట్టాం. దాంతోపాటు ఇంటి ఎదురుగా ఉండే ఇంటర్ చదివే అమ్మాయి రోజుకు ముప్పావు గంట కూర్చుంది. మొదటి పదిహేను రోజులు పుల్లలు పదేసి కట్టలు కట్టి, కట్ట విప్పి ఒకట్లలో కలిపి తీసివేతలు చేయించింది. కొట్లో పది రూపాయల నోటును చిల్లర మార్చడమే కాగితం మీద అప్పు తెచ్చుకోవడం అని పాపకు తెలిశాక ఆ తప్పు పోయింది. తర్వాత మాటల లెక్కల్లో వచ్చే ఇంగ్లీషు మాటలు, అంటే మిగిలినది, మొత్తం, ఎక్కువ, తక్కువ, పంచుట లాంటివి, రోజుకు మూడు చొప్పున నేర్పింది. ఆ మాటలు మూడు పదులకు మించవు.

దీనికి ఖర్చు అంటే ఆ అమ్మాయికి నెలకిచ్చిన చిన్న మొత్తమే. ఇక్కడ దాతలు తరచూ అడిగే సంగతి ఒకటుంది. జకాత్ సొమ్ము హక్కుదారు చేతికి, అతని సొంతంగా చేరాలన్నది హనఫీ ఫిఖ్‌లో నియమం. అందుకని ట్యూషన్ చెప్పేవారికిచ్చేది జకాత్ నుంచి తీయకుండా లిల్లాహ్ ఖాతా నుంచి ఇస్తున్నాం. ఫీజు మటుకు అర్హులైన కుటుంబం చేతికే జకాత్‌గా ఇచ్చి, వాళ్లే బడిలో కట్టుకునేలా చూస్తున్నాం.

మిగతా మాటల గురించి కొంచెం చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువ మోసపుచ్చేది "సాటిస్‌ఫ్యాక్టరీ". దాన్ని "సంతృప్తికరం" అంటే టీచరు సంతోషపడ్డారని తల్లిదండ్రులు సంతోషిస్తారు. చాలా బడుల్లో అది కింది నుంచి రెండో మెట్టు. "గుడ్", "వెరీ గుడ్" దాని పైన ఉంటాయి. రిపోర్టు వెనక అట్ట మీద, లేదా అడుగున చిన్న అక్షరాల్లో ఆ బడివాళ్ల మెట్ల వరుస ముద్రించి ఉంటుంది. ముందు దాన్ని చూడకుండా ఏ మాటనూ అనువదించకూడదని మేము నియమం పెట్టుకున్నాం. ఒకే మాట ఒక బడిలో పైనుంచి మూడోది, ఇంకో బడిలో చిట్టచివరిది. మా పాప సాంఘిక, విజ్ఞాన విషయాల్లో "బాగానే ఉంది" అనుకుని తల్లి పట్టించుకోలేదు. నిజానికి అక్కడా సంగతి ఇంగ్లీషు మాటల కొరతే.

"క్వయట్ చైల్డ్", అంటే మాట్లాడని పిల్ల అన్నదాన్ని మనవాళ్లు పొగడ్తగా తీసుకుంటారు. ఆడపిల్ల నెమ్మదిగా ఉందంటే ఎవరికి సంతోషం కాదు! టీచరు మాత్రం చాలాసార్లు ఆ మాటను ఆందోళనతోనే రాస్తారు. క్లాసులో ప్రశ్న వేస్తే చెయ్యెత్తదు, అర్థం కాకపోయినా అడగదు అని దాని అర్థం. మేము ఆ పాపను దక్కనీలో పలకరిస్తే ఆపకుండా మాట్లాడింది. మౌనం ఆమె స్వభావంలో లేదు, ఇంగ్లీషు రాకపోవడంలో ఉంది. అలాంటప్పుడు టీచరును అడగవలసింది ఒక్కటే, జవాబు తెలుగులో చెప్పనివ్వండి అని. ఒప్పుకోని టీచరు మాకు ఇంతవరకు తగల్లేదు.

"కెన్ డూ బెటర్" అంటే శక్తి ఉంది, వాడటం లేదని అర్థం. "నీడ్స్ సపోర్ట్"కు ఇది దాదాపు వ్యతిరేకం. మొదటిదానికి మందు ఇంటి దగ్గర కూర్చోబెట్టడం, రెండోదానికి నేర్పడం. ఈ రెంటినీ కలిపి "చదవడం లేదు" అని తేల్చేసి పిల్లవాణ్ని తిట్టే ఇళ్లే ఎక్కువ. రాని పనికి తిట్లు తిన్న పిల్లవాడు రిపోర్టు దాచడం మొదలుపెడతాడు. సంతకం తానే పెట్టేసుకున్న ఇద్దరు మగపిల్లలను మేము చూశాం. ఒకడి సంతకం వాళ్ల నాన్న సంతకం కంటే బాగుంది. "నీడ్స్ ప్రాక్టీస్" అంటే పని వచ్చు, వేగమో నిలకడో రాలేదని. "ప్రమోటెడ్" అంటే పై తరగతికి పంపారని మాత్రమే. ఈ తరగతి పాఠాలన్నీ వచ్చాయని అందులో ఎక్కడా లేదు.

మార్కుల గురించి కూడా ఒక సంగతి. సీసీఈ పద్ధతిలో మన రాష్ట్ర హైస్కూళ్లలో పెట్టిన ఫార్మేటివ్ పరీక్ష 50 మార్కులు ఒకే కాగితం మీద రాసినవి కావు. క్లాసులో పాల్గొనడానికి 10, రాతపనికి 10, ప్రాజెక్టుకు 10, చిన్న రాతపరీక్ష అయిన స్లిప్ టెస్టుకు 20. ఒకరికి మొదటి మూడింటిలో 8, 8, 9 వచ్చి స్లిప్ టెస్టులో 6 వస్తే మొత్తం 31. ఇంకొకరికి 5, 5, 4 వచ్చి స్లిప్ టెస్టులో 17 వస్తే అదీ 31. మొదటి అమ్మాయి పని శ్రద్ధగా చేసుకొస్తుంది, ఒంటరిగా కూర్చుని రాయమంటే తడబడుతుంది. "నీడ్స్ సపోర్ట్" పడేది ఆమెకే. రెండో అబ్బాయికి పాఠం వచ్చు, పుస్తకాలు చూపించడు, ప్రాజెక్టు చేయడు. అతనికి పడేది "కెన్ డూ బెటర్". మార్కుల వరుస ఒక్కటే చూసి ఇద్దరికీ ఒకే సాయం చేస్తూ వచ్చామని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఈ మాటలు ఇకముందు తగ్గవు, పెరుగుతాయి. 2020 జాతీయ విద్యా విధానం మార్కుల కార్డు స్థానంలో హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు రావాలంది. అందులో అంకెలకంటే వాక్యాలకే చోటెక్కువ. మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. వాటికి మన తల్లులు బాగానే వెళ్లారు. టీచరు రెండు నిమిషాలు మాట్లాడితే "సరే మేడమ్" అని తలూపి వచ్చేశారు. ఆ రెండు నిమిషాలకు ముందే ప్రశ్న చేతిలో ఉండాలన్నది మా అనుభవం. మేమిచ్చే సగం పేజీ అడుగున నాలుగు ప్రశ్నలు రాసిస్తున్నాం. ఏ పనిలో సాయం కావాలి? మీరు ఏం చేసి సాయం చేస్తే చేయగలుగుతున్నాడు? అది వారానికి ఎన్నిసార్లు జరుగుతోంది? ఇంట్లో చదువు రానివాళ్లం, మేము ఏం చేయగలం? నాలుగో ప్రశ్న ముఖ్యం. "ఇంటి దగ్గర సాధన" అని రాసే టీచరుకు ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్లు ఎవరూ లేరని తెలియకపోవచ్చు. తెలిస్తే ఆమె చెప్పే పని మారుతుంది. చదివించలేని తల్లి కూడా బడిలో విన్న కథను ఇంటి మాటలో చెప్పించుకోగలదు.

అడగటానికి మొహమాటపడనక్కర్లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షను టీచరు విధుల్లోనే దీన్ని చేర్చింది. ప్రతి పిల్లవాడి నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలని ఉంది. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి చెప్పాలని కూడా ఉంది. ఈ సెక్షను పేరు చెప్పి ఎవరితోనూ పోట్లాడవద్దని తల్లిదండ్రులకు మేమే చెబుతాం. "నీడ్స్ సపోర్ట్" అని రాయడంతో టీచరు పని మొదలవుతుంది, ముగిసిపోదు అని తెలిసి వెళ్తే చాలు.

ఒక్కోసారి ఆ మాట వెనక చదువుతో సంబంధం లేని కారణం ఉంటుంది. ఒక అబ్బాయికి "బోర్డు చూసి రాయడంలో తప్పులు, సాయం అవసరం" అని రెండు రిపోర్టుల్లో వచ్చింది. పుస్తకంలోంచి చూసి రాయమంటే తప్పు లేకుండా రాశాడు. బోర్డు నుంచి మాత్రమే తప్పులంటే అనుమానించవలసింది కళ్లను. నర్సీపట్నం తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే కళ్లద్దాలు రాశారు. ఆ ఏడాది అతనికి ట్యూషన్ కోసం పక్కనపెట్టిన డబ్బులో చాలా భాగం మిగిలింది.

ఇంకో భయం తల్లులకు ఉంటుంది. "నీడ్స్ సపోర్ట్" అంటే పిల్లవాడి బుర్రలో లోపం ఉందనా? కాదు. అయితే జాగ్రత్తగా చూడవలసిన సందర్భాలు ఉన్నాయి. వరుసగా మూడు నాలుగు రిపోర్టుల్లో అదే మాట వచ్చి, నేర్పినా కదలిక లేకపోతే, ఇంగ్లీషులోనే కాక తెలుగులో కూడా అక్షరాలు నిలవకపోతే, నోటితో చక్కగా చెప్పే పిల్లవాడు చదవడం దగ్గర మాత్రమే చతికిలబడితే నిపుణులకు చూపించాలి. చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇలాంటి ప్రత్యేక ఇబ్బందిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటిలో ఈ పనికి శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. అక్కడికి పంపాలో లేదో మేము తేల్చం. బడి టీచరు, తల్లిదండ్రులు కలిసి తేల్చుకోవాలి. రెండు రిపోర్టులు, మా మాస్టారు రాసిన కాగితం వాళ్ల చేతిలో పెట్టడం వరకే మా పని. ఒక్క రిపోర్టు చూసి పిల్లవాడి మీద ముద్ర వేయడం అసలు పనికిరాదు.

మా పనికీ హద్దులున్నాయి. కొన్ని బడుల్లో రిపోర్టు కంప్యూటరులో తయారవుతుంది. ముందే రాసిపెట్టిన పది పన్నెండు వాక్యాల్లోంచి టీచరు ఒకటి ఎంచుకుంటారు. అన్నదమ్ములిద్దరి రిపోర్టుల్లో అక్షరం తేడా లేకుండా ఒకే వాక్యం వచ్చింది ఒకసారి. అలాంటి వాక్యాన్ని ఎంత చక్కగా అనువదించినా అందులోంచి ఏమీ రాదు. టీచరు నోటితో చెప్పిందే రాసుకోవాలి. అందుకని ఇప్పుడు సగం పేజీలో రెండు భాగాలు పెట్టాం. పైన కాగితంలో ఉన్నది, కింద టీచరు చెప్పింది. కింది భాగం ఖాళీగా ఉంటే ఆ దరఖాస్తు మీద ఇంకా నిర్ణయం తీసుకోం. ఫీజు గడువు దగ్గరపడితే మాత్రం ముందు ఫీజు కట్టేసి తర్వాత అడుగుతాం. మూడు నెలల ఆలస్యం మళ్లీ జరగకూడదని.

దరఖాస్తు ఫారంలో "శాతం ఎంత?" అన్న గడిని కొట్టేశాం. దాని స్థానంలో "గత రెండు రిపోర్టుల్లో టీచరు రాసిన మాట" అని పెట్టాం. ఒకటి కాకుండా రెండు అడగడానికి కారణం ఉంది. "నీడ్స్ సపోర్ట్" అన్న పిల్లవాడు తర్వాతి రిపోర్టులో కూడా అక్కడే ఉంటే సాయం అందలేదని అర్థం, లేదంటే తప్పు చోట అందింది. మార్కులు పెరిగాయా లేదా అన్నదానికంటే ఇది మాకు ముందుగా తెలుస్తోంది.

ఆ పాప ఆ ఏడాది చివరి రిపోర్టు తెచ్చింది. లెక్కల ఎదురుగా "నీడ్స్ ప్రాక్టీస్" అని ఉంది. ఇంగ్లీషు దగ్గర పాత మాటే ఉంది. తల్లి లెక్కల మాట మీద వేలుపెట్టి, "ఇది ముందుదాని కంటే మంచిదా, చెడ్డదా భాయ్?" అని అడిగింది. మంచిదే, ఇప్పుడు మేడమ్ పక్కన లేకపోయినా చేస్తోంది, వేగం రావాలి అంతే అని చెప్పాం. "మరి ఇంగ్లీషు?" అంది. అది ఇంకా నాజిరానే అన్నాం. ఎదురింటి అమ్మాయిని వేసవి సెలవుల్లో కూడా రమ్మనమని అడగటానికి ఆవిడ అక్కడి నుంచే వెళ్లింది.